రెండు డ్రాఫ్టులు, ఒకే ప్రశ్న: ఏం మారింది?

(ఆస్తి పత్రాలు చూసే జూనియర్ లాయర్లకూ, ఆఫీసు సిబ్బందికీ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్నది.)

అందరికీ వినిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్ళు చెయ్యెత్తండి. సరే, మొదలుపెడదాం.

మన దగ్గరికి రోజూ వచ్చే పని ఇది. క్లయింట్ రెండు ఫైళ్ళు అప్‌లోడ్ చేస్తాడు, ఒకటి పోయిన నెలలో వచ్చిన డ్రాఫ్టు, ఇంకోటి నిన్న వచ్చింది, కింద ఒక్క లైను రాస్తాడు: "ఏం మారిందో చెప్పండి చాలు." చాలా సింపుల్‌గా కనిపిస్తుంది. కానీ దీనికి వెళ్ళే జవాబులు చూస్తే రెండు రకాలుగా ఉంటున్నాయి. కొందరు కంపేర్ కొట్టి, వచ్చిన ఎర్ర గీతల ఫైలు అలాగే పంపిస్తారు, నూట ముప్పై మార్పులు, అందులో నూరు కామాలూ స్పేసులూ. ఇంకొందరు అసలు మార్పులు పక్కనపెట్టి అగ్రిమెంట్ మొత్తం మీద నాలుగు పేజీల అభిప్రాయం రాసి పంపిస్తారు, ఆ క్లాజు అన్యాయం, ఈ క్లాజు ఇలా ఉండాల్సింది, మీరు సంతకం పెట్టొద్దు అని. రెంటిలోనూ అడిగినదానికి జవాబు లేదు.

ఒక కేసు తీసుకుని చివరిదాకా చేద్దాం. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటున్న మనిషి, బిల్డర్‌తో రాసుకునే అగ్రిమెంట్ ఆఫ్ సేల్. అంకెలు, క్లాజు నంబర్లు ఈ క్లాసు కోసం నేను వేసుకున్నవి. ఇలాంటి అగ్రిమెంట్లు ఇంగ్లీషులోనే ఉంటాయని మీకు తెలుసు, నేను సారాంశం తెలుగులో చెప్తా. ఫ్లాట్ ధర 80 లక్షలు. పాత డ్రాఫ్టులో పదహారు క్లాజులు, కొత్తదాంట్లో పదిహేడు. కొత్త డ్రాఫ్టుతో పాటు బిల్డర్ ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది: పేమెంట్ షెడ్యూల్ సవరించాం, మెయింటెనెన్స్ క్లాజు కొత్తగా చేర్చాం, మిగతాదంతా అలాగే ఉంది అని. ఆ రెండు చోట్లా ఎర్ర రంగులో గుర్తు కూడా పెట్టారు.

ఇక్కడ మొదటి సంగతి. వాళ్ళు పెట్టిన ఎర్ర గుర్తుల్ని నమ్మి అక్కడ మాత్రమే చూడకండి. ఇందులో ఎవరి మీదా అనుమానం అక్కర్లేదు. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉన్నప్పుడు చేసినవి మాత్రమే గుర్తులతో వస్తాయి. మధ్యలో ఎవరో ఆఫ్ చేసి ఒక లైను దిద్ది ఉండొచ్చు, లేదా కొన్ని మార్పుల్ని ఇంతకు ముందే యాక్సెప్ట్ చేసేసి ఉండొచ్చు, లేదా వాళ్ళ లాయరు వేరే ప్రాజెక్టుకి రాసుకున్న డ్రాఫ్టు మీద ఈ పేరు అతికించి ఉండొచ్చు. గుర్తు ఉంటే అక్కడ ఎవరో చెయ్యిపెట్టారని అర్థం. గుర్తు లేకపోతే చెయ్యిపెట్టలేదని కాదు. అందుకే రెండు ఫైళ్ళనీ మనమే పక్కపక్కన పెట్టి మొదటినుంచీ పోల్చాలి.

అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏది పాతది, ఏది కొత్తది అని. నవ్వకండి. ఫైళ్ళ పేర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, ఫైనల్, ఫైనల్ టూ, ఫైనల్ కరెక్టెడ్. ఫైలు మీద కనిపించే తేదీ చూద్దామంటే, వాట్సాప్‌లో వచ్చినదాన్ని డౌన్‌లోడ్ చేస్తే చాలాసార్లు డౌన్‌లోడ్ అయిన తేదీయే పడుతుంది. వరుస తిరగబడితే జవాబు మొత్తం తిరగబడుతుంది, చేర్చినవన్నీ తీసేసినట్టు కనిపిస్తాయి. క్లయింట్ చెప్పకపోతే ఒక్క మెసేజ్ పెట్టి అడగండి. అడిగే టైము లేకపోతే జవాబు మొదటి లైనులోనే రాయండి, "పద్నాలుగో తేదీ మెయిల్‌లో వచ్చినదాన్ని పాతదిగా, నిన్నటిదాన్ని కొత్తదిగా తీసుకున్నా" అని. తప్పయితే ఆయన ఆ లైను దగ్గరే పట్టుకుంటాడు.

ఇక పోల్చడం. రెండూ వర్డ్ ఫైళ్ళయితే Review లోకి వెళ్ళి Compare. అక్కడ Original document దగ్గర పాతది, Revised document దగ్గర కొత్తది. కింద More నొక్కితే ఏమేం పోల్చాలో లిస్టు వస్తుంది, అందులో Formatting టిక్ తీసేయండి, లేకపోతే ఫాంటు మారిన ప్రతి పేరా మార్పుగా నిలబడుతుంది. Tables, Headers and footers, Footnotes, Textboxes మాత్రం ఉంచండి, ఎందుకంటే పేమెంట్ షెడ్యూల్ టేబుల్‌లోనే ఉంటుంది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఏదైనా ఫైల్లో ట్రాక్ ఛేంజెస్ ఇంకా మిగిలి ఉంటే, వాటన్నిటినీ యాక్సెప్ట్ చేసినట్టే లెక్కేసి పోలుస్తానని వర్డ్ ఒక మెసేజ్ చూపిస్తుంది. మనవాళ్ళు చదవకుండా యెస్ కొట్టేస్తారు. పాత ఫైల్లో మన క్లయింటే ఏవో సవరణలు సూచించి ఉంటే, అవి అంగీకరించినట్టే అయిపోయి, పోలికలో అసలు పాత మాట ఏమిటో కనిపించకుండా పోతుంది.

పీడీఎఫ్‌లు వస్తే వేరే దారి. కంప్యూటర్‌లో టైపు చేసి తీసిన పీడీఎఫ్ అయితే అందులోంచి టెక్స్ట్ లాగి పోల్చొచ్చు. కమాండ్ లైన్ వాడేవాళ్ళకి ఈ మూడు లైన్లు చాలు:

```
pdftotext -layout v1.pdf v1.txt
pdftotext -layout v2.pdf v2.txt
git diff --no-index --word-diff v1.txt v2.txt
```

చివరిదాంట్లో `--word-diff` ఎందుకంటే, కొత్త డ్రాఫ్టులో ఒక పదం పెరిగితే పేరాలో లైన్లన్నీ జరిగిపోతాయి, లైను లైనుగా పోలిస్తే పేరా మొత్తం మారినట్టు చూపిస్తుంది. పదం పదంగా పోలిస్తే ఆ ఒక్క పదమే బయటపడుతుంది. ప్రతి పేజీ పైనా కిందా ఉండే హెడర్లు, పేజీ నంబర్లు మాత్రం మధ్యలో అడ్డంపడుతూనే ఉంటాయి, వాటిని చూసీ చూడనట్టు దాటేయాలి.

తెలుగు పత్రాలతో ఇంకో తలనొప్పి. పీడీఎఫ్‌లోంచి లాగితే ఒత్తులు ఎక్కడివో ఎక్కడికో పోతాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసినవైతే అక్షరాల బదులు ఏవో గుర్తులు వస్తాయి. వాటిని కళ్ళతో చదవాల్సిందే. యూనికోడ్‌లో ఉన్నా ఒక్కోసారి రెండు పదాలు చూడ్డానికి అచ్చంగా ఒకేలా ఉండి, కంప్యూటర్ మాత్రం మారాయంటుంది. ఉదాహరణకి "పార్కింగ్" అనే మాట చివర కంటికి కనిపించని ఒక గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, ఒక ఫైల్లో ఉండి ఇంకో ఫైల్లో లేదనుకోండి. చూసేవాళ్ళకి తేడా లేదు, ప్రోగ్రాముకి అవి రెండు వేర్వేరు పదాలు. ఇలాంటివి మార్పుల జాబితాలోకి ఎక్కించకండి.

ఈ డిఫ్ అనేదాన్ని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ తయారుచేశాడు. దాని పద్ధతి మీద ఆయనా జేమ్స్ హంట్ కలిసి 1976లో రిపోర్టు రాశారు. సూత్రం ఏమిటంటే, రెండు ఫైళ్ళలోనూ అదే వరుసలో ఉన్న భాగాల్లో వీలైనంత పొడవైనదాన్ని పట్టుకుని, మిగిలినదాన్ని తీసేసినవి, చేర్చినవి అని విడగొట్టడం. అంటే అది చెప్పేది పాతదాన్ని కొత్తదిగా మార్చడానికి ఒక దగ్గర దారి, అంతే. రాసిన మనిషి నిజంగా ఏం చేశాడో దానికి తెలియదు. ఒక క్లాజుని పదో పేజీ నుంచి మూడో పేజీకి ఎత్తి పెడితే, మామూలు డిఫ్ "ఇక్కడ తీసేశారు, అక్కడ కొత్తది చేర్చారు" అంటుంది. ఆ రెంటినీ ఒకటే అని గుర్తుపట్టి, "క్లాజు జరిగింది, మాటలు మారలేదు" అని చెప్పడం మన పని. జరిపేటప్పుడు మధ్యలో ఒక్క పదం మార్చారేమో చూడటం కూడా మన పనే. అలా జరిగిన క్లాజుల్లోనే మార్పు సులువుగా కన్నుగప్పుతుంది.

సరే, మన కేసుకి వద్దాం. పోల్చాం. చిల్లరంతా తీసేస్తే నాలుగు మిగిలాయి.

ఒకటి, పేమెంట్ షెడ్యూల్, వాళ్ళే చెప్పినది. పాతదాంట్లో బుకింగ్ అప్పుడు ఇచ్చింది 15 శాతం, పునాదికి 15, అయిదో స్లాబ్‌కి 20, ఆఖరి స్లాబ్‌కి 20, గోడలూ ప్లాస్టరింగూ అయ్యాక 20, హ్యాండోవర్ అప్పుడు 10. కొత్తదాంట్లో అయిదో స్లాబ్ దగ్గర 20 బదులు 25, హ్యాండోవర్ దగ్గర 10 బదులు 5. కంపేర్‌లో రెండు అంకెలు ఎర్రబడతాయి, అంతే. ఇక్కడ "రెండు వాయిదాల శాతాలు మారాయి" అని రాసి ఊరుకుంటే తప్పు కాదు గానీ, చదివేవాడికి ఏమీ అందదు. మొత్తం కూడి చూడండి, రెండు డ్రాఫ్టుల్లోనూ 100 వస్తోంది, అంటే ధర పెరగలేదు. పెరగకుండా 5 శాతం, 80 లక్షల మీద 4 లక్షలు, చివరి నుంచి ముందుకి జరిగింది. తాళాలు తీసుకునేటప్పుడు కొనేవాడి చేతిలో మిగిలే డబ్బు 8 లక్షల నుంచి 4 లక్షలకి తగ్గింది. ఇది అభిప్రాయం కాదు. మార్పుని లెక్కలో చెప్పడం. ఇంతవరకూ వెళ్ళాలి, ఇక్కడ ఆగాలి.

రెండు, కొత్తగా చేరిన తొమ్మిదో క్లాజు, మెయింటెనెన్స్. హ్యాండోవర్‌కి ముందే రెండేళ్ళ మెయింటెనెన్స్, చదరపు అడుగుకి నెలకి 4 రూపాయల చొప్పున, ముందుగా కట్టాలి. ఫ్లాట్ 1,500 చదరపు అడుగులు. నెలకి 6,000, ఇరవై నాలుగు నెలలకి 1,44,000. క్లాజులో ఈ మొత్తం ఎక్కడా రాసి ఉండదు, రేటు ఒక్కటే ఉంటుంది. మీరు కట్టి చూపించండి.

మూడు, పార్కింగ్ క్లాజు. పాతదాంట్లో స్లాట్ నంబరు వేసి ఉంది. కొత్తదాంట్లో నంబరు పోయి, "బిల్డర్ కేటాయించిన ప్రకారం ఒక కారు పార్కింగ్" అని వచ్చింది. మెయిల్‌లో ఈ ముక్క లేదు, ఎర్ర గుర్తూ లేదు.

నాలుగోది అసలు విషయం. మొదటి క్లాజులో పదాల నిర్వచనాలు ఉంటాయి కదా, ఎవరూ చదవని పేజీ. అక్కడ "హ్యాండోవర్ తేదీ" అంటే పాతదాంట్లో ఏముందంటే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మనం ఓసీ అంటాం, అది వచ్చాక బిల్డర్ ఫ్లాట్ అప్పగిస్తానని రాతపూర్వకంగా తెలియజేసిన తేదీ. కొత్తదాంట్లో "ఓసీ వచ్చాక" అన్న ముక్క పోయింది. ఫ్లాట్ రెడీ అయిందని తెలియజేసిన తేదీ, అంతే.

ఇప్పుడు ఏడో క్లాజు తీయండి. 2026 డిసెంబర్ 31 దాటి ఆలస్యమైతే, ఆ రోజు నుంచి హ్యాండోవర్ తేదీ దాకా కొనేవాడికి బిల్డర్ వడ్డీ కట్టాలి అని ఉంది. ఈ క్లాజులో ఒక్క అక్షరం మారలేదు. మీరు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టి పోల్చినా ఇది తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ క్లాజు మారిపోయింది. జనవరి ఆఖరున "రెడీ" అని లెటర్ వచ్చి, ఓసీ జూన్ ఆఖరున వచ్చిందనుకుందాం. పాత డ్రాఫ్టు ప్రకారం కనీసం జూన్ దాకా, ఆరు నెలల వడ్డీ. కొత్తదాని ప్రకారం ఒక్క నెల. షెడ్యూల్లో హ్యాండోవర్ అప్పుడు కట్టాల్సిన ఆ 5 శాతం కూడా ఈ మాట మీదే ఆధారపడి ఉంది కాబట్టి, అదీ ఓసీ రాకముందే కట్టాల్సి రావచ్చు.

అందుకే నేను చెప్పేది, నిర్వచనం మారితే కంపేర్ చూడటం అక్కడితో ఆపకండి. ఆ పదాన్ని కొత్త ఫైల్లో Ctrl+F కొట్టి, ఎన్ని చోట్ల వస్తే అన్ని చోట్లా ఆగి చదవండి. "ఏం మారింది" అన్న ప్రశ్నకి మాటలు మారిన చోటే కాదు, మాటలు అలాగే ఉండి అర్థం మారిన చోటు కూడా జవాబే.

ఇదే జాతిది ఇంకోటి ఉంది. తొమ్మిదో క్లాజు కొత్తగా దూరింది కాబట్టి కింద ఉన్నవన్నీ ఒక్కో నంబరు జరిగాయి. పాత 11, నోటీసులు ఏ అడ్రసుకి పంపాలి అన్నది, ఇప్పుడు 12 అయింది. పాత 12, రద్దయితే డబ్బు వాపసు, ఇప్పుడు 13. క్లాజు నంబర్లు ఆటోమేటిక్‌గా పడేవైతే, అవి టైపు చేసిన టెక్స్ట్ కాదు కాబట్టి పోలికలో తేడాగా కనిపించకపోవచ్చు. ఇంతవరకూ పర్వాలేదు. కానీ ఆరో క్లాజు చివర ఎవరో చేత్తో టైపు చేశారు, "రద్దయిన పక్షంలో క్లాజు 12 ప్రకారం సొమ్ము వాపసు చేయబడును" అని. అది అలాగే ఉంది. ఇప్పుడది డబ్బు వాపసు దగ్గరికి కాకుండా నోటీసు అడ్రసుల దగ్గరికి తీసుకెళ్తోంది. మారని లైనే, కానీ మార్పు వల్ల చెడిపోయింది. జవాబులో ఇది ఉండాలి. క్లాజు చేరినా తీసేసినా, ఫైల్లో "క్లాజు" అన్న మాట వెతికి, ప్రతి నంబరూ సరైన చోటికే వెళ్తోందా అని ఒకసారి చూడండి. పదిహేను నిమిషాల పని.

(సభలో ఒకరు: సార్, ఇలా పోతే అగ్రిమెంట్ మొత్తం చదివినట్టే కదా. మరి మార్పులు మాత్రమే చెప్పమన్నప్పుడు అంత అవసరమా?)

చదవడం మొత్తం చదవాలమ్మా, చెప్పడం మాత్రం మార్పులే చెప్పాలి. రెండూ వేరు. కొత్త డ్రాఫ్టుని కంపేర్ ఫైలు పక్కనపెట్టి ఒక్కసారైనా మామూలుగా చదివితే గానీ ఇలాంటివి దొరకవు. దొరికినవన్నీ జవాబులోకి రాకూడదు, అంతే.

ఈ గీత ఎక్కడ గీయాలో ఇదే అగ్రిమెంట్‌లో చూపిస్తా. బుకింగ్ అప్పుడు 15 శాతం ఇచ్చినట్టు షెడ్యూల్ మొదటి లైనులో ఉందన్నాను కదా. రెరా చట్టం, 2016, సెక్షన్ 13 తెలిసినవాళ్ళకి వెంటనే చెయ్యి దురద పెడుతుంది. అగ్రిమెంట్ రాసుకుని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. ఇక్కడ అగ్రిమెంట్ ఇంకా డ్రాఫ్టులోనే ఉంది, 15 శాతం ముట్టినట్టు రాసి ఉంది. కానీ ఇది పాత డ్రాఫ్టులోనూ ఉంది, కొత్తదాంట్లోనూ ఉంది. మారలేదు. ఆయన అడిగింది ఇది కాదు. దీని మీద ఒక పేజీ రాసి జవాబులో ముందు పెడితే, హ్యాండోవర్ తేదీ సంగతి కిందకి పోయి, ఆయన ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ అక్కడిదాకా రాడు.

అలాగని మింగేయమంటానా? లేదు. అంత బరువున్న సంగతి కంట్లో పడ్డాక చెప్పకుండా ఉండటం కూడా పద్ధతి కాదు. నేనైతే జవాబంతా అయ్యాక, విడిగా, రెండు వాక్యాలు రాస్తా: "ఇది మార్పు కాదు, రెండు డ్రాఫ్టుల్లోనూ ఉంది. రిజిస్ట్రేషన్‌కి ముందే 15 శాతం తీసుకున్నట్టు రాసి ఉంది, రెరాలో 10 శాతం పరిమితి ఉంది, కావాలంటే దీని గురించి మాట్లాడదాం." అక్కడితో ఆపేస్తా. టైల్స్ బ్రాండ్ రాయలేదు, వాక్యం వంకరగా ఉంది, ఫలానా క్లాజు ఇంకా బాగా రాయొచ్చు, ఇలాంటి పాత లోపాలు మాత్రం నోరెత్తి కూడా చెప్పను. ఆయనకి డబ్బో హక్కో పోయేంత సంగతైతేనే ఆ రెండు వాక్యాల చోటు.

ఇంకోటి, భాష. "బిల్డర్ ఓసీ మాటని తెలివిగా ఎగ్గొట్టాడు" అని రాయకండి. మీకు కనిపించింది మాట పోవడం, ఎందుకు పోయిందో కనిపించలేదు. "తొలగింది, మెయిల్‌లో దీని ప్రస్తావన లేదు" అని రాస్తే చాలు, ఉన్నదున్నట్టు ఉంటుంది, చదివేవాడికి అందాల్సిందీ అందుతుంది. ఈ మెసేజ్‌ని ఆయన అలాగే బిల్డర్‌కి ఫార్వర్డ్ చేస్తాడు కూడా, అది మర్చిపోకండి. మీరు రాసిన ఒక్క మాటకి అక్కడ గొడవ మొదలైతే, మార్పు సరిదిద్దుకునే మాట పక్కకి పోయి, ఎవరు ఎవర్ని దొంగ అన్నారనే దాని మీద వారం గడుస్తుంది.

సరే, చివరికి జవాబు ఎలా ఉంటుందో చదువుతాను, తెర మీద కూడా ఉంది.

"పద్నాలుగో తేదీ డ్రాఫ్టుని పాతదిగా, నిన్నటిదాన్ని కొత్తదిగా తీసుకుని మొత్తం పోల్చాను. మీ మీద ప్రభావం ఉన్న మార్పులు నాలుగు, వాటి వల్ల తప్పిన రిఫరెన్స్ ఒకటి. మెయిల్‌లో రెండే చెప్పారు.

హ్యాండోవర్ తేదీ (క్లాజు 1, మెయిల్‌లో లేదు): పాతది, 'ఓసీ వచ్చిన తర్వాత బిల్డర్ తెలియజేసిన తేదీ'. కొత్తది, 'ఫ్లాట్ సిద్ధమైనట్టు బిల్డర్ తెలియజేసిన తేదీ'. దీనివల్ల క్లాజు 7లో ఆలస్యపు వడ్డీ ఓసీ రాకముందే ఆగిపోవచ్చు, ఆఖరి వాయిదా కూడా ఓసీకి ముందే కట్టాల్సి రావచ్చు. ఆ రెండు చోట్లా మాటలు మారలేదు.

పేమెంట్ షెడ్యూల్: అయిదో స్లాబ్ 20 నుంచి 25 శాతం, హ్యాండోవర్ 10 నుంచి 5 శాతం. మొత్తం ధర అదే. 4 లక్షలు ముందుగా కట్టాలి.

మెయింటెనెన్స్ (కొత్త క్లాజు 9): రెండేళ్ళది ముందుగా, మీ ఫ్లాట్‌కి 1,44,000.

పార్కింగ్ (పాత 9, కొత్త 10, మెయిల్‌లో లేదు): స్లాట్ నంబరు తొలగింది.

క్లాజు 6లో 'క్లాజు 12' అన్న రిఫరెన్స్ మార్చలేదు. నంబర్లు జరగడం వల్ల ఇప్పుడది డబ్బు వాపసుకి కాకుండా నోటీసు అడ్రసుల క్లాజుకి వెళ్తోంది.

మిగతావి ఫాంటు, తేదీ రాసే పద్ధతి, విరామ చిహ్నాలు. అర్థం మారలేదు.

స్పెసిఫికేషన్ల అనెక్జర్ రెంటిలోనూ స్కాన్ బొమ్మ. పాతది నాలుగు పేజీలు, కొత్తది మూడు. కళ్ళతో చూశాను, మొదటి మూడు పేజీలు ఒకేలా ఉన్నాయి, లిఫ్టు, జనరేటర్ వివరాలున్న నాలుగో పేజీ కొత్తదాంట్లో లేదు. స్కాన్‌లో జారిందో, తీసేశారో ఫైలు చూసి చెప్పలేం."

వరుస గమనించారా? డాక్యుమెంట్‌లో వచ్చే వరుస కాదు, ఆయనకి తగిలే బరువు వరుస. అది మన ఎంపికే, ఒప్పుకుంటా, కానీ ప్రతిదానికీ క్లాజు నంబరు ఉంది కాబట్టి ఎవరైనా వెళ్ళి సరిచూసుకోవచ్చు. పాత మాట, కొత్త మాట రెండూ ఉన్నచోట రెండూ పెట్టాం. "హ్యాండోవర్ నిబంధన సడలించారు" అని మన మాటల్లో రాస్తే ఆయన మన మాటని నమ్మాలి. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే తనే చూస్తాడు.

చివరి పేరా చాలామంది రాయరు. ఏం పోల్చామో ఎంత శ్రద్ధగా రాస్తామో, ఏది సాఫ్ట్‌వేర్‌తో పోల్చలేకపోయామో కూడా అంతే రాయాలి. స్కాన్ పేజీలు కంపేర్‌కి అందవు. అవి లేనట్టే దాటిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు. "నాలుగు మార్పులే" అని మీరు రాస్తే, అనెక్జర్ కూడా చూశారనే ఆయన అనుకుంటాడు.

(సభలో ఇంకొకరు: ఏమీ మారకపోతే? రెండూ ఒకటే అని తేలితే క్లయింట్ మనం చూడలేదనుకుంటాడు కదా.)

అనుకోనివ్వండి. ఏమీ మారలేదన్నది పూర్తి జవాబే. దానికి భయపడి కామాలూ ఫాంట్లూ మార్పులుగా పేర్చి ఒక పేజీ నింపితే, ఏదో జరిగిందని ఆయన కంగారుపడతాడు. ఏం చూసి ఆ మాట అంటున్నారో రాయండి: మెయిన్ అగ్రిమెంట్, షెడ్యూళ్ళు, టేబుళ్ళలో అంకెలు, అనెక్జర్ పేజీల లెక్క. ఫైళ్ళు అచ్చంగా ఒకటేనని అనుమానం వస్తే `sha256sum` కొట్టి చూడండి, రెండు లైన్లూ ఒకటే వస్తే ఒకే ఫైలు రెండుసార్లు పంపాడు. అప్పుడు రాయాల్సిన జవాబు వేరే: "రెండుసార్లూ ఒకే ఫైలు వచ్చింది, కొత్త డ్రాఫ్టు ఇంకోసారి పంపండి."

(ఇంకొకరు: సార్, వాళ్ళు ఫోన్‌లో అడుగుతారు, సంతకం పెట్టొచ్చా లేదా ఒక్క మాటలో చెప్పండి అని.)

అది ఇంకో ప్రశ్న. అడిగాడు కాబట్టి అప్పుడు చెప్పొచ్చు, చెప్పాలి కూడా, కానీ దానికి రెండు డ్రాఫ్టుల మధ్య తేడా సరిపోదు. టైటిల్ చూడాలి, రెరా రిజిస్ట్రేషన్ చూడాలి, మంజూరైన ప్లాన్ చూడాలి. మార్పుల జాబితా ఇచ్చి దాన్నే ఒపీనియన్‌గా వాడుకోనివ్వకండి, ఫీజు సంగతి అటుంచండి. అందుకే నేను జవాబు చివర ఎప్పుడూ ఒక లైను పెడతా, ఇది రెండు డ్రాఫ్టుల పోలిక మాత్రమే, అగ్రిమెంట్ మీద అభిప్రాయం కాదు అని. తెర మీద ఉన్నదాంట్లో అది టైపు చేయలేదు, మీరు రాసుకునేటప్పుడు చేర్చుకోండి.

ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే ల్యాప్‌టాప్‌లు తెరవండి, రెండు డ్రాఫ్టులూ గ్రూపులో పెట్టాను. మెయిల్‌లో చెప్పినవి వదిలేసి, చెప్పనివాటితో మొదలుపెట్టండి.